కొన్ని పెన్నులు కుర్చీలా? ఒక సిలాజిజం ప్రశ్న, మూడు వృత్తాలు, ఏడు గదులు

బ్యాంకు, రైల్వే పరీక్షల రీజనింగ్‌లో, ఇచ్చిన ప్రకటనల నుంచి ఏ తీర్మానం తప్పక వస్తుందో అడిగే సిలాజిజం ప్రశ్న తప్పయిన రఫ్ షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలావాటిలో వృత్తాలు చక్కగానే ఉంటాయి. ప్రకటనలకు విరుద్ధంగా గీసిన బొమ్మ అరుదు. తప్పంతా బొమ్మను చదవడంలో జరుగుతుంది. ప్రకటనలు చెప్పని సంగతి కూడా గీతలో ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది, చదివేవాళ్లు దాన్ని కూడా ప్రకటన చెప్పిందనే అనుకుంటారు. ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని, అందులో ప్రతి తీర్మానం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో గది గదిగా చూద్దాం.

ప్రకటనలు మూడు: కొన్ని పెన్నులు పుస్తకాలు. అన్ని పుస్తకాలు బల్లలు. ఏ బల్లా కుర్చీ కాదు.

పరీక్షించాల్సిన తీర్మానాలు:

క. కొన్ని పెన్నులు బల్లలు.
ఖ. ఏ పుస్తకమూ కుర్చీ కాదు.
గ. కొన్ని పెన్నులు కుర్చీలు కావు.
ఘ. కొన్ని పెన్నులు కుర్చీలు.
చ. ఏ పెన్నూ కుర్చీ కాదు.
ఛ. అన్ని పెన్నులు కుర్చీలు అయ్యే అవకాశం ఉంది.
జ. అన్ని పెన్నులు పుస్తకాలు అయ్యే అవకాశం ఉంది.
ఝ. కొన్ని కుర్చీలు బల్లలు కావు.

పుస్తకం బల్ల ఎలా అవుతుందన్న ప్రశ్న ఇక్కడ అక్కర్లేదు. ప్రకటన ఏం చెబితే అదే నిజం. మనకు తెలిసిన లోకజ్ఞానం అడ్డురాకూడదనే ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఇలాంటి పేర్లు పెడతారు.

అందరూ ముందుగా గీసే బొమ్మ

బల్లల వృత్తం పెద్దదిగా గీస్తారు. దాని లోపల పుస్తకాల వృత్తం. బల్లలకు దూరంగా కుర్చీల వృత్తం విడిగా. ఇక పెన్నుల వృత్తం పుస్తకాలను కొంత కోస్తూ, బల్లల్లోంచి కొంత బయటికి వచ్చేలా. ఈ బొమ్మ మూడు ప్రకటనలకూ సరిపోతుంది, తప్పు పట్టడానికేమీ లేదు.

ఇప్పుడు ఆ బొమ్మను చూస్తూ తీర్మానాలు చదవండి. పెన్నుల వృత్తం కుర్చీలకు తగలలేదు కాబట్టి చ నిజమనిపిస్తుంది. పెన్నుల్లో కొంత భాగం పుస్తకాల బయట ఉంది కాబట్టి జ తప్పనిపిస్తుంది. రెండూ పొరపాటే. పెన్నుల వృత్తం కుర్చీలకు తగలకుండా ఉండటం ప్రకటనల్లో లేదు, కాగితం మీద చోటు అలా కుదిరింది. పెన్నులు పుస్తకాల బయటికి రావడం కూడా అంతే. అలవాటుగా అలా గీశాం, ప్రకటన అడిగి గీయించలేదు.

ఈ తరహా బొమ్మలు గణితశాస్త్రవేత్త ఆయిలర్ వాడినవి. జర్మన్ యువరాణికి రాసిన ఉత్తరాల్లో ఆయన వృత్తాలతో తర్కం వివరించారు, ఆ ఉత్తరాలు 1768లో పుస్తకంగా రావడం మొదలైంది. అందులో వృత్తాల మధ్య సంబంధాన్నే బొమ్మగా గీస్తారు: లోపల ఉంటే అన్నీ, విడిగా ఉంటే ఏదీ కాదు, కోసుకుంటే కొన్ని. చూడగానే అర్థమవుతుంది, అదే దాని బలం. కానీ తెలియని సంగతికి అందులో చోటు లేదు. రెండు వృత్తాలు తగులుతున్నాయో లేదో తెలియనప్పుడు కూడా ఏదో ఒకటి గీయక తప్పదు.

1880లో ఇంగ్లిష్ తర్కవేత్త జాన్ వెన్ దీన్ని తిరగేశారు. ముందు అన్ని వృత్తాలూ ఒకదాన్నొకటి కోసుకునేలా గీసేయాలి, అలా ఏర్పడే ఒక్కో భాగం ఒక గది. ప్రకటన ఏం చెప్పినా వృత్తాలు కదలవు. ప్రకటన ఏ గదిని ఖాళీ అంటే ఆ గదికి గీతలు కొట్టాలి. ఏ గదిలో ఏదో ఒకటైనా ఉందని అంటే అక్కడ గుర్తు పెట్టాలి, మన దగ్గర దానికి ఇంటూ మార్కు వాడతారు. ఏమీ చెప్పని గది తెల్లగా ఉండిపోతుంది. తెల్ల గది అంటే ఖాళీ గది కాదు. అందులో ఏమైనా ఉందో లేదో మనకు తెలియదు, అంతే. ఈ ప్రశ్నలో సగం తీర్మానాలు ఈ తేడా మీదే తేలతాయి.

మొదటి కాగితం: పెన్నులు, పుస్తకాలు, బల్లలు

మూడు వృత్తాలు గీయండి. పైన ఎడమ పెన్నులు, పైన కుడి పుస్తకాలు, కింద బల్లలు. గదులకు అంకెలు వేసుకుందాం, ఇకమీద ప్రతి కాగితంలోనూ ఇవే అంకెలు. 1 ఎడమ వృత్తం మాత్రమే. 2 కుడి వృత్తం మాత్రమే. 3 కింది వృత్తం మాత్రమే. 4 పై రెండూ కలిసి, కింది వృత్తం బయట. 5 కుడి, కింద కలిసి, ఎడమ వృత్తం బయట. 6 ఎడమ, కింద కలిసి, కుడి వృత్తం బయట. 7 మూడూ కలిసే నడిమధ్య.

ప్రకటనలు ఇచ్చిన వరుసలో వేయకూడదు. ముందు 'అన్ని', 'ఏదీ కాదు' ప్రకటనలకు గీతలు కొట్టాలి, ఆ తర్వాతే 'కొన్ని' ప్రకటనలకు ఇంటూ మార్కులు. ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

అన్ని పుస్తకాలు బల్లలు. అంటే పుస్తకమై ఉండి బల్ల కానిది ఏదీ లేదు. పుస్తకాల వృత్తంలో ఉన్న గదులు 2, 4, 5, 7. వాటిలో బల్లల బయట ఉన్నవి 2, 4. ఆ రెండింటికీ గీతలు కొట్టండి. ఇక్కడ చాలామంది 2కి కొట్టి 4ని వదిలేస్తారు. 4 పెన్నుల వృత్తంలో కూడా ఉంది కాబట్టి అది పెన్నుల సంగతి అనుకుంటారు. కానీ ప్రకటన పుస్తకాలన్నిటి గురించి చెప్పింది, పెన్ను కూడా అయిన పుస్తకం సైతం అందులోకే వస్తుంది.

కొన్ని పెన్నులు పుస్తకాలు. పెన్నులూ పుస్తకాలూ కలిసే గదులు 4, 7. వాటిలో ఏదో ఒక దాంట్లో కనీసం ఒకటి ఉంది. 4కి ఇప్పటికే గీతలు పడ్డాయి కాబట్టి ఇంటూ మార్కు 7లోనే పడుతుంది. వరుస మార్చి ముందు ఈ ప్రకటన వేసి ఉంటే, ఇంటూ 4లోనా 7లోనా అన్నది తెలియక రెంటి మధ్య గీత మీద పెట్టాల్సి వచ్చేది, తర్వాత దాన్ని చెరిపి 7లోకి జరపాల్సి వచ్చేది. తొందరలో అలా జరపడం మర్చిపోతారు. గీతలు ముందు కొట్టమనడం ఇందుకే.

ఇప్పుడు క చూడండి: కొన్ని పెన్నులు బల్లలు. పెన్నులూ బల్లలూ కలిసే గదులు 6, 7. 7లో ఇంటూ ఉంది. క అనుసరిస్తుంది.

ఇదే కాగితం మీద జ కూడా తేలిపోతుంది. అన్ని పెన్నులు పుస్తకాలు కావాలంటే పెన్నుల వృత్తంలో పుస్తకాల బయట ఉన్న 1, 6 ఖాళీ కావాలి. వాటిలో ఎక్కడైనా ఇంటూ ఉందా? లేదు. రెండూ తెల్లగానే ఉన్నాయి. వాటికి గీతలు కొట్టినా ఏ ప్రకటనకూ భంగం లేదు. కాబట్టి అవకాశం ఉంది, జ నిలుస్తుంది. అవకాశం అడిగినప్పుడు చూడాల్సింది ఇదే: ఖాళీ కావాల్సిన గదిలో ఇంటూ ఉందా, నిండాల్సిన గదికి గీతలు పడ్డాయా? రెండూ కాకపోతే అవకాశం ఉన్నట్టే.

మొదట గీసిన ఆయిలర్ తరహా బొమ్మలో జ తప్పనిపించడానికి కారణం వాడుకలోనూ ఉంది. 'కొన్ని మామిడికాయలు పండాయి' అంటే మిగతావి పండలేదనే మనకు వినిపిస్తుంది. మాటల్లో కొన్ని అంటే అన్నీ కాదు అనే అర్థం తోడుగా వస్తుంది. తర్కంలో కొన్ని అంటే కనీసం ఒకటి, అంతవరకే. అన్నీ అయినా 'కొన్ని' అబద్ధం కాదు. ఈ అలవాటును వదిలించుకోకుండా వృత్తాలు ఎన్ని గీసినా ఫలితం ఉండదు.

రెండో కాగితం: పుస్తకాలు, కుర్చీలు, బల్లలు

నాలుగు పేర్లు ఉన్నాయి కాబట్టి నాలుగు వృత్తాలు ఒకే కాగితం మీద గీయాలని చూస్తారు. అది కుదరదు. నాలుగు పేర్లకు, అన్నిటి బయట ఉన్న చోటుతో కలిపి, 16 గదులు కావాలి. నాలుగు వృత్తాలను ఎలా కోసుకునేలా గీసినా 14కు మించి రావు. రెండు కలయికలకు చోటే ఉండదు, తేలాల్సిన తీర్మానం సరిగ్గా ఆ రెంట్లో ఉంటే బొమ్మ మోసం చేస్తుంది. వెన్ కూడా నాలుగు పేర్లకు వృత్తాలు మాని దీర్ఘవృత్తాలు వాడారు. పరీక్ష గదిలో దీర్ఘవృత్తాలు గీసే తీరిక ఉండదు కాబట్టి తీర్మానానికి కావాల్సిన మూడేసి పేర్లు తీసుకుని వేరువేరు కాగితాలు వేయడమే మేలు.

ఎడమ పుస్తకాలు, కుడి కుర్చీలు, కింద బల్లలు. అన్ని పుస్తకాలు బల్లలు: పుస్తకాల వృత్తంలో బల్లల బయటివి 1, 4. గీతలు. ఏ బల్లా కుర్చీ కాదు: బల్లలూ కుర్చీలూ కలిసేవి 5, 7. గీతలు. పుస్తకాలూ కుర్చీలూ కలిసే గదులు 4, 7. ఒకటి రెండో ప్రకటన వల్ల, ఇంకొకటి మూడో ప్రకటన వల్ల, రెండూ మూసుకుపోయాయి. ఖ అనుసరిస్తుంది. 'ఏదీ కాదు' తీర్మానం నిలవాలంటే ఉమ్మడి గదులన్నిటికీ గీతలు పడాలి, ఒక్కటి తెల్లగా మిగిలినా నిలవదు. ఈ నియమం మూడో కాగితంలో మళ్లీ కావాలి.

ఝ కూడా ఇక్కడే ఉంది: కొన్ని కుర్చీలు బల్లలు కావు. కుర్చీల వృత్తంలో 4, 5, 7 మూడూ మూసుకుపోయి 2 ఒక్కటే మిగిలింది. కుర్చీ అనేది ఉంటే అది 2లోనే ఉండాలి, అంటే బల్లల బయట. కానీ కుర్చీ అనేది ఉందని ఏ ప్రకటన చెప్పింది? ఏదీ చెప్పలేదు. వెన్ పద్ధతిని అక్షరాలా పాటిస్తే 2 తెల్లగా ఉంది, అందులో ఇంటూ లేదు, కాబట్టి ఝ తేలదు. 'నేరం చేసి పట్టుబడినవాళ్లందరికీ శిక్ష పడుతుంది' అన్న మాట, పట్టుబడినవాళ్లు ఒక్కరూ లేకపోయినా నిజం కావచ్చు. గీతలు కొట్టడం అంటే లేదని చెప్పడమే తప్ప ఏదో ఉందని చెప్పడం కాదు.

ఉద్యోగ పరీక్షల్లో మాత్రం ప్రశ్నలో పేరు పెట్టిన ప్రతి గుంపులోనూ కనీసం ఒకటి ఉందనే అనుకుంటారు. అందుకే 'అన్ని పుస్తకాలు బల్లలు' నుంచి 'కొన్ని బల్లలు పుస్తకాలు' అనుసరిస్తుందనే అక్కడ జవాబు ఉంటుంది. ఆ లెక్కన 2లో ఇంటూ పడుతుంది, ఝ నిలుస్తుంది. అరిస్టాటిల్ సంప్రదాయంలో సిలాజిజానికి ఉండగల 256 రూపాల్లో 24 చెల్లుతాయి, ఖాళీ గుంపులను కూడా ఒప్పుకుంటే 15 మాత్రమే చెల్లుతాయి. తేడా వచ్చిన ఆ 9 రూపాలూ సరిగ్గా ఈ ఒక్క ఊహ మీద నిలిచినవే. కాబట్టి ఉద్యోగ పరీక్షకు కూర్చునేవాళ్లు గీతలన్నీ కొట్టాక ప్రతి వృత్తాన్ని ఒకసారి చూసుకోవాలి. ఏ వృత్తంలోనైనా ఒకే ఒక్క గది మూయకుండా మిగిలి ఉంటే అక్కడ ఇంటూ పెట్టేయాలి. తర్కశాస్త్రాన్ని సబ్జెక్టుగా రాసేవాళ్లు అలా పెట్టకూడదు, వాళ్లు ప్రకటన ఇచ్చినంతవరకే ఆగాలి. ఏ ఊహ మీద జవాబు చెబుతున్నామో తెలియకుండా ఈ తరహా తీర్మానం జోలికి వెళితే ఒక పుస్తకంలో ఒప్పు, ఇంకో పుస్తకంలో తప్పు అని కనిపించి అయోమయం మిగులుతుంది.

మూడో కాగితం: అసలు చిక్కు

ఎడమ పెన్నులు, కుడి కుర్చీలు, కింద బల్లలు. ఏ బల్లా కుర్చీ కాదు: 5, 7కు గీతలు. మొదటి కాగితంలో తేలిన క ఇక్కడ ప్రకటనలా పనికొస్తుంది: కొన్ని పెన్నులు బల్లలు. ఉమ్మడి గదులు 6, 7. 7 మూసుకుపోయింది కాబట్టి ఇంటూ 6లో.

6 పెన్నుల లోపల ఉంది, కుర్చీల బయట ఉంది. కాబట్టి గ అనుసరిస్తుంది: కొన్ని పెన్నులు కుర్చీలు కావు. ఛ కూడా అక్కడే పోతుంది. అన్ని పెన్నులు కుర్చీలు కావాలంటే 1, 6 రెండూ ఖాళీ కావాలి, 6లో ఇంటూ కూర్చుని ఉంది. దాన్ని ఖాళీ చేయడం ఎవరి తరమూ కాదు. అవకాశం అన్నారు కదా, ఏదైనా కావచ్చులే అని టిక్కు పెట్టేవాళ్లకు ఇక్కడే మార్కు పోతుంది.

ఇక ఘ, చ. పెన్నులూ కుర్చీలూ కలిసే గదులు 4, 7. ఘ నిలవాలంటే వీటిలో ఎక్కడైనా ఇంటూ ఉండాలి. 7 మూసుకుపోయింది, 4 తెల్లగా ఉంది. ఇంటూ లేదు, ఘ నిలవదు. చ నిలవాలంటే 4, 7 రెండింటికీ గీతలు పడాలి. 7కు పడ్డాయి, 4కు పడలేదు. చ కూడా నిలవదు.

4వ గదిని కాసేపు అలాగే చూడండి. బల్ల కాని పెన్ను, కుర్చీ కూడా అయినది ఉంటే అందులో ఉంటుంది. మూడు ప్రకటనల్లో ఏదీ దాని గురించి నోరు విప్పలేదు. ఉందో లేదో మనకు తెలియదు. కానీ ఉండటమో లేకపోవడమో రెంట్లో ఒకటి జరిగే తీరాలి. ఉంటే ఘ నిజం, లేకపోతే చ నిజం. కాబట్టి విడివిడిగా ఏదీ నిలవకపోయినా 'ఘ లేదా చ' అన్నది ఖాయంగా నిలుస్తుంది. పరీక్షలో 'ఏదో ఒకటి అనుసరిస్తుంది' అనే జవాబు ఇదే.

నమ్మకం కుదరకపోతే రెండు చిన్న లోకాలు కట్టి చూడొచ్చు. మొదటి లోకంలో రెండే వస్తువులు: ఒకటి పెన్ను, పుస్తకం, బల్ల మూడూ అయినది, రెండోది ఉత్త కుర్చీ. మూడు ప్రకటనలూ నిజమే, పెన్ను ఏదీ కుర్చీ కాదు. రెండో లోకంలో వాటికి తోడు మూడో వస్తువు పెట్టండి: పెన్నూ కుర్చీ రెండూ అయి, పుస్తకమూ బల్లా కానిది. మళ్లీ మూడు ప్రకటనలూ నిజమే, ఈసారి ఒక పెన్ను కుర్చీ అయింది. ఒకే ప్రకటనలు, రెండు లోకాలు, తీర్మానం మాత్రం తారుమారు. ఒక తీర్మానం నిలవదని చూపడానికి ఇలాంటి లోకం ఒక్కటి చాలు. నిలుస్తుందని చూపడానికి మాత్రం ఎన్ని లోకాలు కట్టినా చాలవు, అందుకే గీతలూ ఇంటూ మార్కులూ కావాలి.

ఇంకో సంగతి. ఘ జరిగే అవకాశం ఉంది, జ జరిగే అవకాశమూ ఉంది. రెండూ ఒకేసారి జరగవు. అన్ని పెన్నులు పుస్తకాలైతే అవన్నీ బల్లలవుతాయి, అప్పుడు పెన్ను కుర్చీ కావడానికి దారి లేదు. అవకాశం అడిగిన ప్రతి తీర్మానాన్నీ విడిగా, మొదటి ప్రకటనల మీదే పరీక్షించాలి. ముందు తీర్మానం కోసం పెన్సిలుతో వేసిన గీతలను చెరపకుండా తర్వాతిది చూస్తే తప్పు జవాబు వస్తుంది.

'ఏదో ఒకటి' జోడీ ఎప్పుడు కుదురుతుంది

ఘ, చ జోడీ కుదరడానికి కారణం రెండూ ఒకే గది గురించి ఎదురెదురు మాటలు చెప్పడం. ఒకటి ఆ గదిలో ఏదో ఉందంటుంది, రెండోది ఖాళీ అంటుంది. 'కొన్ని', 'ఏదీ కాదు' జోడీ ఇలాంటిది. 'అన్నీ', 'కొన్ని కావు' జోడీ కూడా ఇలాంటిదే, అక్కడ ప్రశ్న మొదటి పేరు వృత్తంలో రెండో పేరు బయట ఉన్న భాగం గురించి.

'అన్ని పెన్నులు కుర్చీలు', 'ఏ పెన్నూ కుర్చీ కాదు' అనే రెండు తీర్మానాలు ఇస్తే జోడీ కాదు. కొన్ని అయి కొన్ని కాకపోతే రెండూ అబద్ధమే. ఎదురెదురుగా కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ చాలామంది పడిపోతారు. 'కొన్ని పెన్నులు కుర్చీలు', 'కొన్ని పెన్నులు కుర్చీలు కావు' అనేవి దీనికి తలకిందులు: పెన్నులు ఉన్నంతవరకు రెంట్లో ఒకటైనా నిజం, రెండూ కలిసి కూడా నిజం కావచ్చు. కొన్ని గైడ్లు దీన్ని కూడా 'ఏదో ఒకటి' కిందే వేస్తాయి. ఆ పుస్తకంలో ఆ మాటకు 'కనీసం ఒకటి' అని అర్థం ఉంటే సరే, 'ఒకటి మాత్రమే' అని ఉంటే తప్పు.

పేర్ల వరుస కూడా చూసుకోవాలి. ఘ బదులు 'కొన్ని కుర్చీలు పెన్నులు' అని ఇచ్చినా చతో జోడీ చెడదు, ఉమ్మడి గది ఎటునుంచి చూసినా ఒకటే. 'అన్నీ', 'కొన్ని కావు' జోడీలో మాత్రం వరుస తిరగబడితే జోడీ పోతుంది, పెన్నుల్లో కుర్చీల బయటి భాగం వేరు, కుర్చీల్లో పెన్నుల బయటి భాగం వేరు. మరీ ముఖ్యంగా, జోడీలో ఒకటి విడిగానే నిలిచిపోతే 'ఏదో ఒకటి' అనకూడదు. మన ప్రశ్నలో 'అన్ని పెన్నులు కుర్చీలు', గ పక్కపక్కన ఇస్తే గ ఒక్కటే జవాబు.

ఒక మాట మారితే

మొదటి ప్రకటనను 'కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు' అని మార్చి చూడండి. బ్యాంకు పరీక్షల్లో ఈ రూపం ఇప్పుడు తరచూ వస్తోంది. ఇది రెండు మాటలు చెబుతుంది: కొన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు. మొదటి కాగితంలో 7లో ఇంటూ అలాగే ఉంటుంది. దానికి తోడు పెన్నుల్లో పుస్తకాల బయట, అంటే 1 లేదా 6లో, ఇంకో ఇంటూ కావాలి. రెండూ తెల్లగానే ఉన్నాయి కాబట్టి అది వాటి మధ్య ఉన్న బల్లల గీత మీద పడుతుంది.

ఇప్పుడు జ పోయింది. 1, 6 రెండూ ఒకేసారి ఖాళీ కావడానికి వీల్లేదు. అలాగని 'అన్ని పెన్నులు బల్లలు అయ్యే అవకాశం ఉంది' అన్నది పోయిందా? దానికి 1, 4 ఖాళీ అయితే చాలు. 4 ఇప్పటికే ఖాళీ, గీత మీది ఇంటూను 6లోకి నెట్టి 1ని ఖాళీ చేయొచ్చు. అవకాశం నిలిచింది. 'కొన్ని మాత్రమే' కనిపించగానే 'అన్నీ కావచ్చు' తీర్మానాలన్నీ కొట్టేసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. పుస్తకాలు కాని పెన్నులు ఉన్నాయన్నంత మాత్రాన బల్లలు కాని పెన్నులు ఉన్నట్టు కాదు.

తెలుగు ప్రశ్నపత్రంలో 'మాత్రమే' ఎక్కడ ఉందో వేలు పెట్టి చూసుకోవాలి. 'కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు' ఒకటి, 'పెన్నులు మాత్రమే పుస్తకాలు' పూర్తిగా వేరు. రెండోదానికి అర్థం పుస్తకమైనదల్లా పెన్నే అని, అంటే అన్ని పుస్తకాలు పెన్నులు. పెన్నులన్నీ పుస్తకాలని కాదు. మొదటి పేరు వృత్తానికి కాకుండా రెండో పేరు వృత్తానికి గీతలు పడతాయి.

'అన్ని పెన్నులు పుస్తకాలు కావు' అనే వాక్యం మరీ చిక్కు. వాడుకలో 'మెరిసేవన్నీ బంగారం కాదు' అన్నట్టు, కొన్ని కావు అనే అర్థమే వస్తుంది. కొందరు మాత్రం దాన్ని 'ఏదీ కాదు' అని చదివి ఉమ్మడి గదికి గీతలు కొట్టేస్తారు. ఇంగ్లిష్ వాక్యం పక్కనే ఉంటే అది చూసి తేల్చుకోవడం మంచిది. లేకపోతే పెన్నుల్లో పుస్తకాల బయట ఒక ఇంటూ పెట్టి అక్కడితో ఆగాలి, గీతలు కొట్టకూడదు.

రెండో ప్రకటనలో 'అన్ని' తీసేసి 'కొన్ని పుస్తకాలు బల్లలు' అని పెడితే మొదటి కాగితం మొత్తం మారిపోతుంది. గీతలు కొట్టడానికి ఒక్క గదీ ఉండదు. మొదటి ప్రకటన ఇంటూ 4, 7 మధ్య గీత మీద. రెండో ప్రకటన ఇంటూ 5, 7 మధ్య గీత మీద. రెండిటికీ 7 దగ్గరే ఉంది, కానీ ఏదీ 7లోకి రావాల్సిన పని లేదు. ఒకటి 4లోకి, ఇంకొకటి 5లోకి పోయినా ప్రకటనలు నిజమే. క నిలవదు. ఆయిలర్ తరహాలో మూడు వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకునేలా గీస్తే మధ్యలో మూడూ కలిసే చోటు కనిపించి క నిజమనిపిస్తుంది. గీత మీద పడిన ఇంటూను ఏ గదిలోనూ లెక్కపెట్టకూడదన్న ఒక్క పట్టింపుతో ఈ తప్పు తప్పిపోతుంది.

ఇక వేగం. మూడు కాగితాలు, ఏడేసి గదులు పరీక్షలో ప్రతిసారీ వేయడం సాధ్యం కాదు. గదుల లెక్క చేతికి పట్టాక మొదట గీసిన ఆయిలర్ బొమ్మకే తిరిగి రావచ్చు, ఒక మార్పుతో: ప్రకటన చెప్పిన గీత గట్టిగా, చెప్పనిది చుక్కలుగా గీయాలి. బల్లల్లో పుస్తకాలు గట్టి గీత. కుర్చీలు విడిగా గట్టి గీత. పెన్నుల వృత్తంలో పుస్తకాలను కోసే వంపు మాత్రం గట్టిగా, మిగతా చుట్టంతా చుక్కలుగా, ఒక పాయ కుర్చీల్లోకి కూడా పోయేలా. గట్టి గీతల మీద కనిపించేది ఖాయం: క, ఖ, గ. చుక్కల మీద కనిపించేది అవకాశం మాత్రమే: ఘ, జ. ఛ రెంటికీ చెందదు, పుస్తకాలను కోసిన ఆ గట్టి వంపు బల్లల లోపలే ఉంది, దాన్ని కుర్చీల్లోకి లాగలేం. 'కొన్ని మాత్రమే' వచ్చిన ప్రశ్నలోనూ, 'కావు' వచ్చిన ప్రశ్నలోనూ చుక్కల బొమ్మ నమ్మదగినది కాదు. అక్కడ గీత మీద పడే ఇంటూను చూపడానికి అందులో చోటు లేదు, మూడు వృత్తాల కాగితమే వేసుకోవాలి.